అమ్మకానికో టేబుల్, నిల్వకో టేబుల్

భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం ఊళ్లలో మూడు సూపర్ మార్కెట్లు నడిపే యజమాని ఒకాయన ఉన్నాడనుకుందాం. ప్రతి కౌంటర్లోనూ కంప్యూటర్ బిల్లింగ్ ఉంది. లారీ నుంచి సరుకు దిగగానే గోడౌన్‌లో ఎంట్రీ పడుతోంది. ఆయన అడిగేది చాలా మామూలు ప్రశ్న. "లీటరు నూనె ప్యాకెట్లు ఎన్ని పోయాయి, ఇప్పుడు ఎన్నున్నాయి, ఉన్నవి ఇంకెన్నాళ్లొస్తాయి?" దీనికి అకౌంట్స్ చూసే కుర్రాడు ఎక్సెల్‌తో పూటంతా కుస్తీ పడాలి. తీరా జవాబు వచ్చినా పోయిన వారం చెప్పిన లెక్కతో పొంతన ఉండదు.

తప్పు కుర్రాడిది కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనకున్న డేటాబేస్‌ని కట్టింది కౌంటర్ ముందున్న క్యూ త్వరగా కదలడానికి. బిల్లు ఒక చోట, అందులోని సరుకులు ఇంకో చోట, పన్నులు, చెల్లింపులు, సరఫరాదారులు తలో చోటా ఉంటాయి. బిల్లు కొట్టడానికి ఆ ఏర్పాటు బాగుంటుంది. పై ప్రశ్నకు జవాబు కావాలంటే మాత్రం పది టేబుళ్లను కలిపి కుట్టాలి. సాయంత్రం రద్దీ వేళ ఆ పని పెట్టుకుంటే కౌంటర్లు నత్తనడక నడుస్తాయి. అందుకే రిపోర్టుల కోసం విడిగా ఒక డేటాబేస్ కడతారు. రాత్రి షాపులు మూసేశాక ఆ రోజు లెక్కలన్నీ అందులోకి వచ్చి చేరతాయి. అందులో టేబుళ్లు ప్రధానంగా రెండే రకాలు: ఫ్యాక్ట్ టేబుళ్లు, డైమెన్షన్ టేబుళ్లు.

ఈ పేర్లు 1960లలో అమెరికాలో జనరల్ మిల్స్ అనే ఆహార కంపెనీ, డార్ట్‌మత్ విద్యాసంస్థ కలిసి చేసిన ఒక ప్రాజెక్టులో మొదలయ్యాయని చెబుతారు. వాటిని అందరికీ అలవాటు చేసినవాడు రాల్ఫ్ కింబాల్. ఆయన ‘ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్’ మొదటి ముద్రణ 1996లో వచ్చింది. అందులో విషయం చెప్పడానికి ఆయన ఎంచుకున్నదీ కిరాణా సరుకుల గొలుసు దుకాణాలనే. మన యజమాని ప్రశ్న కొత్తదేమీ కాదన్నమాట.

జరిగినదాన్ని కొలిచి అంకెల్లో రాసుకునేది ఫ్యాక్ట్ టేబుల్. ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని రూపాయలు, ఎంత డిస్కౌంట్ అన్నవి అందులో ఉంటాయి. ఆ అంకె ఏ సరుకుది, ఏ షాపుది, ఏ రోజుది అని చెప్పేది డైమెన్షన్ టేబుల్. సరుకుల టేబుల్లో పేరు, బ్రాండు, రకం, ప్యాకింగ్ సైజు ఉంటాయి. షాపుల టేబుల్లో ఊరు, జిల్లా, విస్తీర్ణం ఉంటాయి. ఫ్యాక్ట్ టేబుల్లో ఈ వివరాలేవీ రాయరు. ఫలానా సరుకు, ఫలానా షాపు అని గుర్తుగా ఒక్కో నంబరు వేసి ఊరుకుంటారు. రిపోర్టులో "బ్రాండు వారీగా", "ఊరి వారీగా" అని మనం అనే ప్రతి ‘వారీగా’ వెనకా ఒక డైమెన్షన్ కాలమ్ ఉంటుంది. మొత్తం కట్టి చూపించే అంకె మాత్రం ఫ్యాక్ట్ టేబుల్ నుంచి వస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. అసలు పని మొదలయ్యేది ఒక ప్రశ్నతో: ఫ్యాక్ట్ టేబుల్లో ఒక్క వరుస అంటే ఏమిటి? ఈ రంగంలో వాళ్లు దీన్ని గ్రెయిన్ అంటారు. అమ్మకాల టేబుల్లో వరుసంటే ఒక బిల్లా, బిల్లులో ఒక సరుకా, ఒక రోజు మొత్తం అమ్మకమా? ఇది తేల్చకుండా కాలమ్‌లు రాసుకుంటూ పోతే టేబుల్ రెండు నెలల్లో కలగాపులగం అవుతుంది. నా మటుకు నేను బిల్లులో ఒక సరుకుకి ఒక వరుస అనే పట్టుబడతాను. రోజు మొత్తం కావాలంటే ఈ వరుసల్ని కూడితే వస్తుంది. రోజు మొత్తాన్నే రాసుకుంటే ఏ బిల్లులో ఏది దేనితో కలిసి పోయిందో మళ్లీ తెలుసుకునే దారి ఉండదు.

గ్రెయిన్ తేలాక ప్రతి అంకె దానికి లోబడాలి. వెయ్యి రూపాయల బిల్లు మీద వంద డిస్కౌంట్ ఇచ్చారనుకోండి. అది బిల్లుకి సంబంధించిన అంకె, మన వరుసేమో సరుకుది. నూనె వరుసలోనూ పప్పు వరుసలోనూ వందేసి రాస్తే మొత్తం డిస్కౌంట్ రెండు వందలవుతుంది. కాబట్టి పంచాలి. నూనె 750, పప్పు 250 అయితే నూనె వాటాకి 75, పప్పు వాటాకి 25 వస్తాయి. పైసల్లో తేడా మిగిలితే చివరి వరుసకి తగిలిస్తారు. లాభం శాతం లాంటివాటిని ఈ టేబుల్లో పెట్టకపోవడమే మంచిది. శాతాల్ని కూడితే అర్థం లేని అంకె వస్తుంది. అమ్మిన ధర, కొన్న ధర పెట్టుకుంటే వాటిని విడివిడిగా కూడి, ఆ తర్వాత శాతం కట్టుకోవచ్చు.

నవంబర్ 2025 మొదటి మూడు రోజులకి భీమవరం షాపులో మన నూనె ప్యాకెట్ అమ్మకాలు ఇలా ఉన్నాయనుకుందాం. షాపు నంబరు 1, నూనె నంబరు 412.

```
fact_sales
date_key  store_key  product_key  bill_no  qty  amount
20251101  1          412          B-871    5    750
20251101  1          412          B-902    3    450
20251102  1          412          B-950    2    300
20251102  1          412          B-977    10   1500
20251102  1          412          B-991    4    600
```

శనివారం రెండు బిల్లుల్లో ఎనిమిది, ఆదివారం మూడు బిల్లుల్లో పదహారు ప్యాకెట్లు పోయాయి. ఆ పది ప్యాకెట్ల బిల్లు ఏ మెస్సు వాళ్లదో అయ్యుంటుంది. సోమవారం ఒక్కటీ పోలేదు, కాబట్టి ఆ రోజుకి వరుసే లేదు. మొత్తం 24.

ఇక నిల్వ. అమ్మకం ఒక సంఘటన, అది జరిగినప్పుడే వరుస పడుతుంది. నిల్వ అలా కాదు, అదొక స్థితి. ఎవరూ కొనకపోయినా సోమవారం రాత్రి ప్యాకెట్లు అక్కడే ఉన్నాయి. అందుకే నిల్వకి గ్రెయిన్ వేరే: ఒక రోజు ముగిసేసరికి, ఒక షాపులో, ఒక సరుకు ఎంత ఉంది అన్నది ఒక వరుస.

```
fact_stock_daily
date_key  store_key  product_key  closing_qty
20251101  1          412          112
20251102  1          412          96
20251103  1          412          96
```

ఈ టేబుల్ చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ పెరగడంలో అమ్మకాల టేబుల్‌ని మించిపోతుంది. షాపుకి ఆరు వేల సరుకులుంటే మూడు షాపులకి రోజుకి పద్దెనిమిది వేల వరుసలు, ఏడాదికి 65 లక్షల 70 వేలు. అమ్మకాల సంగతి చూస్తే, షాపుకి రోజుకి నాలుగు వందల బిల్లులు, బిల్లుకి ఆరు సరుకులు వేసుకున్నా మూడు షాపులకీ కలిపి ఏడాదికి 26 లక్షల పైచిలుకే. కదలకుండా కూర్చున్న సరుకుక్కూడా రోజూ హాజరు వేయాల్సి రావడమే కారణం. స్థలం కలిసొస్తుందని సున్నా నిల్వ ఉన్న వరుసల్ని రాయడం మానేసేవాళ్లున్నారు. ఆ పొదుపు నాకు నచ్చదు. సరుకు అయిపోయిన రోజులేవో యజమానికి చెప్పాల్సినవి ఆ సున్నాలే.

బ్యాంకు పాస్‌బుక్‌లో జమలన్నీ కూడొచ్చు, ఖర్చులన్నీ కూడొచ్చు. బ్యాలెన్స్ కాలమ్‌ని పైనుంచి కిందికి కూడేవాళ్లు ఎవరూ ఉండరు. నిల్వ టేబుల్‌ది సరిగ్గా అదే తీరు. మూడు షాపుల్లో నూనె నిల్వని ఒకే రోజుకి కూడితే సరైన అంకే వస్తుంది. రోజుల మీద కూడితే 112, 96, 96 కలిసి 304 అవుతుంది. అన్ని ప్యాకెట్లు ఆ షాపులో ఏ రోజూ లేవు. రోజుల మీద సగటు తీయొచ్చు, చివరి రోజు అంకె తీసుకోవచ్చు, కూడటం మాత్రం కుదరదు. పాస్‌బుక్ దగ్గర ఎవరికైనా తెలిసే ఈ సంగతి రిపోర్టు సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అంకెలున్న కాలమ్ కనబడితే చాలు, అది తనంతట తాను మొత్తం కట్టేస్తుంది. నెల రిపోర్టులో నిల్వ అసలుకి దాదాపు ముప్పై రెట్లు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీన్ని మించిన చిక్కు రెండు టేబుళ్లనీ కలిపినప్పుడు వస్తుంది. అమ్మకమూ నిల్వా ఒకే రిపోర్టులో కావాలి కాబట్టి తేదీ, షాపు, సరుకు నంబర్లు సరిపోయిన చోటల్లా రెండు టేబుళ్లనీ జోడించేద్దామనిపించడం సహజం. మన కుర్రాడు అదే చేశాడు. మొత్తాలు చూసి యజమాని కేకేశాడు.

"ఏమయ్యా, భీమవరంలో నూనె ప్యాకెట్లు అయిదొందల పన్నెండేంటి? నిన్న నేను చూస్తే వంద కూడా లేవు కదా!"

"ఎన్నిసార్లు చూసినా సిస్టమ్‌లో అదే వస్తోందండి."

సిస్టమ్ అబద్ధమేమీ చెప్పలేదు. శనివారం అమ్మకానికి రెండు వరుసలున్నాయి కాబట్టి 112 నిల్వ రెండింటి పక్కనా వచ్చి కూర్చుంది: 224. ఆదివారం మూడు వరుసలు కాబట్టి 96 మూడుసార్లు వచ్చింది: 288. రెండూ కలిపి 512. సోమవారం అమ్మకమే లేదు కాబట్టి ఆ రోజు నిల్వ జతలేక జారిపోయింది. అంటే బాగా పోయే సరుకు నిల్వ ఉబ్బిపోతుంది, అసలు కదలని సరుకు రిపోర్టులోంచే మాయమవుతుంది. యజమాని వెతికేది ఆ కదలని సరుకు కోసమే కదా! పైగా రోజుకి ఎనిమిది చొప్పున పోతున్నాయని 512ని భాగిస్తే 64 రోజులకి సరిపడా ఉన్నట్టు వస్తుంది. నిజానికి ఉన్నవి 12 రోజులకే. ఈ లెక్క నమ్మి ఆర్డర్ పెట్టకపోతే నెల తిరక్కుండానే నూనె అర ఖాళీ.

అమ్మకం 24 అని సరిగ్గానే వచ్చింది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. షెల్ఫులో ఒక లెక్క, వెనక గోడౌన్‌లో ఒక లెక్క అని నిల్వని రెండు వరుసలుగా రాసే షాపులున్నాయి. అప్పుడు ప్రతి అమ్మకం వరుసా రెండు నిల్వ వరుసలతో జతకట్టి అమ్మకం కూడా 48 అయిపోతుంది. మందుల షాపుల్లో బ్యాచ్ వారీగా నిల్వ రాస్తారు కాబట్టి అక్కడ ఇది మరీ తరచు. ఏ అంకె ఎన్ని రెట్లయిందో సరుకు సరుకుకీ మారుతుంటుంది. అందువల్ల కంటితో చూసి పట్టుకోవడం కష్టం.

అసలు మందు ఏమిటంటే ఈ రెండు ఫ్యాక్ట్ టేబుళ్లనీ నేరుగా కలపకూడదు. ముందు దేనికది విడిగా మొత్తం కట్టి సరుకుకి ఒక్క వరుస మిగిలేలా చెయ్యాలి. ఆ తర్వాత రెండు ఫలితాల్నీ సరుకుల డైమెన్షన్ పక్కన చేర్చాలి.

```sql
SELECT p.product_name, s.sold_qty, k.stock_qty
FROM dim_product p
LEFT JOIN (SELECT product_key, SUM(qty) AS sold_qty
           FROM fact_sales
           WHERE store_key = 1
             AND date_key BETWEEN 20251101 AND 20251103
           GROUP BY product_key) s
  ON s.product_key = p.product_key
LEFT JOIN (SELECT product_key, SUM(closing_qty) AS stock_qty
           FROM fact_stock_daily
           WHERE store_key = 1
             AND date_key = 20251103
           GROUP BY product_key) k
  ON k.product_key = p.product_key;
```

అమ్మకానికి మూడు రోజుల తేదీలు, నిల్వకి చివరి రోజు ఒక్కటే ఇచ్చామని గమనించండి. ఇప్పుడు 24, 96 అని వస్తాయి. `LEFT JOIN` అన్నందువల్ల ఒక్కటీ అమ్ముడుపోని సరుకు కూడా వరుసలో నిలబడుతుంది, అమ్మకం గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. నిల్వని షెల్ఫుకీ గోడౌన్‌కీ విడగొట్టి రాసినా ఆ `SUM` రెండింటినీ ముందే ఒకటి చేసేస్తుంది.

ఇది సాగాలంటే ఒక షరతుంది. రెండు టేబుళ్లూ ఒకే సరుకుల డైమెన్షన్‌ని, ఒకే షాపుల డైమెన్షన్‌ని, ఒకే తేదీల డైమెన్షన్‌ని వాడాలి. బిల్లింగ్‌లో నూనెకి ఒక కోడు, గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో కోడు ఉన్నా, రాత్రి డేటా తెచ్చేటప్పుడు రెండూ 412 కిందికే రావాలి. గోడౌన్‌లో లెక్క పెట్టెల్లో, కౌంటర్లో లెక్క ప్యాకెట్లలో ఉంటే అప్పుడే అన్నిటినీ ప్యాకెట్లలోకి మార్చేయాలి. రిపోర్టు రాసేవాళ్లకి వదిలేస్తే ఎవరో ఒకరు మర్చిపోతారు.

తేదీకి కూడా ఒక టేబుల్ ఎందుకని చాలామందికి సందేహం వస్తుంది. కంప్యూటర్‌కి నెలలూ వారాలూ తెలుసు కదా అంటారు. దానికి కార్తీక మాసం తెలియదు. 2024లో కార్తీకం నవంబర్ 2న మొదలై డిసెంబర్ 1 దాకా సాగింది. 2025లో అక్టోబర్ 22నే మొదలై నవంబర్ 20తో ముగిసింది. ఆ నెలంతా మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లు మనకు కొల్లలు. 2024 నవంబర్ గుడ్ల అమ్మకంతో 2025 నవంబర్‌ది పోల్చి, "ఈ ఏడాది పుంజుకుంది" అని మేనేజర్ చంకలు గుద్దుకుంటే, అందులో ఎంతో కొంత పంచాంగం మహిమే అయ్యుండొచ్చు. తేదీల టేబుల్లో రోజుకొక వరుస వేసి, తెలుగు మాసం అని ఒక కాలమ్ పెడితే కార్తీకాన్ని కార్తీకంతోనే పోల్చొచ్చు. పదేళ్లకి వేసుకున్నా మూడు వేల ఆరొందల వరుసలకి కాస్త పైనే, ఒక పూటలో నింపేయొచ్చు. శ్రావణం, సంక్రాంతి సెలవులు, ఊళ్లో జాతర రోజులు కూడా ఇందులోకే వస్తాయి.

డైమెన్షన్లు మారవని అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. 2025 సెప్టెంబర్ 22న టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సరుకుల టేబుల్లో పన్ను రేటు కాలమ్ ఉందనుకోండి. ఆ రోజు పొద్దున్నే 18ని చెరిపి 5 అని రాస్తే ఏమవుతుంది? ఆగస్టులో పోయిన టూత్‌పేస్టు కూడా అదే వరుసని చూపిస్తుంది కాబట్టి, పన్ను రేటు వారీగా ఆగస్టు రిపోర్టు మళ్లీ తీస్తే అది 5 శాతం కింద పడుతుంది. వసూలైన పన్ను రూపాయల్లో ఫ్యాక్ట్ టేబుల్లో సరిగ్గానే ఉంటుంది, రేటుతో మాత్రం పొంతన కుదరదు. ఆడిటర్ ముందు నీళ్లు నమలాల్సి వస్తుంది.

అందుకే చెరపరు. పాత వరుసకి ముగింపు తేదీ వేసి, కొత్త వరుస చేరుస్తారు.

```
dim_product
product_key  product_code  gst_rate  valid_from  valid_to
1047         TP-100        18        2024-04-01  2025-09-21
3312         TP-100        5         2025-09-22  9999-12-31
```

బిల్లింగ్‌లో ఉన్న కోడు `TP-100` మారలేదు. మనం సొంతంగా ఇచ్చుకున్న నంబరు 1047 పోయి 3312 వచ్చింది. సెప్టెంబర్ 21 దాకా జరిగిన అమ్మకాలు 1047ని, తర్వాతవి 3312ని పట్టుకుంటాయి. బిల్లింగ్ కోడ్‌నే ఫ్యాక్ట్ టేబుల్లో నేరుగా వాడకుండా ఈ అదనపు నంబరు ఎందుకని అడిగేవాళ్లకి ఇదే జవాబు. అలాగని ప్రతి మార్పుకీ కొత్త వరుస అక్కర్లేదు. పేరులో అక్షరదోషం దిద్దితే పాతదాన్ని చెరిపి రాయడమే మేలు, తప్పు పేరుని చరిత్రగా దాచుకుని ఏం చేస్తాం? ఏ కాలమ్ మారితే చరిత్ర కావాలి, ఏది మారితే అక్కర్లేదు అన్నది కంప్యూటర్ మనిషి ఒక్కడే తేల్చలేడు, అకౌంటెంటుతో కూర్చోవాలి.

ఈ ఏర్పాటుకి ఒక ఖర్చుంది. ఇందాకటి ప్రశ్నని సెప్టెంబర్ నెల మొత్తానికి టూత్‌పేస్టు మీద అడిగితే ఒకే సరుకు రెండు వరుసలుగా వస్తుంది. మొదటి మూడు వారాల అమ్మకం 1047 పక్కన, మిగతాదీ, నెలాఖరు నిల్వా 3312 పక్కన నిలబడతాయి. పై వరుస చూస్తే సరుకు పోతోంది గానీ నిల్వ లేదన్నట్టు, కింది వరుస చూస్తే నెలంతా కలిపి వారం అమ్మకమే జరిగినట్టు ఉంటుంది. కాబట్టి ఇలాంటి రిపోర్టుల్లో `product_key` మీద కాక `product_code` మీద మొత్తం కట్టాలి. ఏ సరుకుకీ మార్పు రానంత కాలం ఈ లోపం బయటపడదు. రేట్లు మారిన నెలలో ఒక్కసారిగా పైకొస్తుంది.

ఇంత కట్టాక లెక్క సరైనదేనా అని చూసుకునే దారి ఒకటుంది. నిన్నటి నిల్వకి ఈ రోజు దిగిన సరుకూ, తిరిగొచ్చిన సరుకూ కలిపి, అమ్మకం తీసేస్తే ఈ రోజు నిల్వ రావాలి. శనివారం పొద్దున 120 ఉంటే, ఎనిమిది పోగా 112. ఆదివారం పదహారు పోగా 96. సరిపోయింది. రోజూ రాత్రి డేటా వచ్చి చేరాక ఆరు వేల సరుకులకీ ఈ తీసివేత చేయించి, తేడా ఉన్నవాటిని మాత్రమే పొద్దున్నే చూపించమనాలి. తేడా చాలా సరుకులకి ఒకేసారి వస్తే డేటా తేవడంలోనే పొరపాటు ఉంటుంది: ఒక కౌంటర్ బిల్లులు రాకపోవడమో, నిల్వ లెక్క తీశాక కూడా బిల్లులు పడటమో. ఒకే సరుకుకి పదే పదే వస్తే యూనిట్ల గొడవ, పెట్టెని ప్యాకెట్‌గా రాయడం లాంటిది.

కంప్యూటర్లో 96 ఉండి, మనిషి వెళ్లి లెక్కపెడితే 93 తేలిందనుకోండి. దాన్ని నిల్వ టేబుల్లో 93గా దిద్దేసి ఊరుకుంటే ఎందుకు తగ్గిందో ఎప్పటికీ తెలియదు. దీనికి మూడో ఫ్యాక్ట్ టేబుల్ కావాలి. సరుకు కదిలిన ప్రతిసారీ ఒక వరుస: దిగుమతి, షాపు నుంచి షాపుకి బదిలీ, ప్యాకెట్ చిరిగి కారిపోవడం, లెక్కలో తేడా. తేదీ, షాపు, సరుకు డైమెన్షన్లు పాతవే. కొత్తగా చేరేది కారణం అనే చిన్న డైమెన్షన్, పది పన్నెండు వరుసలకి మించదు. ఆ మూడు ప్యాకెట్లూ మైనస్ మూడుగా, ‘లెక్కలో తేడా’ కారణంతో, భీమవరం షాపు పేరు మీద అందులో పడతాయి. ఆరు నెలల తర్వాత కారణం వారీగా, షాపు వారీగా కూడి చూస్తే మూడు షాపుల్లో ఏది ఎక్కువ పోగొట్టుకుంటోందో, నూనెలోనా సబ్బుల్లోనా అన్నది బయటపడుతుంది.